రేకు మీద కాంతి గీత

మా వీధి చివర ఒక టింకరింగ్ షెడ్డు ఉంది. సొట్టపడిన తలుపును మేస్త్రీ సుత్తితో, దిమ్మెతో సరిచేశాక అరచేత్తో ఒకసారి తడుముతాడు. తరవాత ఒక పొడవాటి ట్యూబ్‌లైట్‌ని తలుపుకి ఎదురుగా పట్టుకుని, ఒంగి, ఒక కన్ను మూసి చూస్తాడు. చూసేది రేకుని కాదు, రేకులో కనిపించే లైటు నీడని. "గీత జారిపోతే రేకు బాగున్నట్టు బాబూ. ఎక్కడైనా వణికిందంటే అక్కడ సుత్తి ఇంకా పడాలి," అన్నాడు ఓసారి.

నేను కంప్యూటర్‌లో కార్ల ఒళ్లు గీసి బతికేవాణ్ని. సినిమాలకీ, ప్రకటనలకీ, ఆటలకీ కావాల్సిన బండ్లు. నా దగ్గర రేకు లేదు, సుత్తి లేదు, కానీ చేసే పరీక్ష మాత్రం మేస్త్రీదే. తెర మీద కారుకి నలుపు తెలుపు చారల అద్దకం వేసి మెల్లగా తిప్పుతాను. చారలు నీళ్లలా పారితే ఒళ్లు నునుపుగా ఉన్నట్టు. ఎక్కడైనా విరిగినా, ముడుచుకున్నా, ఉబ్బినా అక్కడ తప్పుంది. ఆ తప్పు దాదాపు ఎప్పుడూ రెండు చోట్ల నుంచే వస్తుంది. ఒకటి, మడత ఎంత పదునుగా ఉండాలో సరిగ్గా చెప్పకపోవడం. రెండోది, గీతలు కలిసే ఒక ప్రత్యేకమైన చుక్కను కూడని చోట పెట్టడం. ఒక చిన్న కారు ముందు ఫెండర్‌ని, అంటే ముందు చక్రం పైన ఉండే రేకుని తీసుకుని, ఈ రెండూ ఎలా పుడతాయో చెబుతాను.

ముందు పద్ధతి సంగతి. చుక్కల ముగ్గు వేసేవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. చుక్కలు పెడతాం, వాటిని గీతలతో కలుపుతాం, మధ్యలో నాలుగు మూలల గడులు ఏర్పడతాయి. ఈ ముగ్గు నేల మీద కాకుండా గాల్లో, కారు ఆకారంలో ఉంటుంది. చుక్కలు తక్కువ కాబట్టి ఆకారం మొదట అట్టపెట్టెలా, మూలలు మూలలుగా కనిపిస్తుంది. అప్పుడు కంప్యూటర్ ప్రతి గడినీ నాలుగు చేస్తుంది, చుక్కలన్నిటినీ పక్క చుక్కల సగటు వైపు కొంచెం కొంచెం జరుపుతుంది. మళ్లీ నాలుగు, మళ్లీ సగటు. అరవై గడుల ఫెండర్ ఒక దఫాకి 240, రెండో దఫాకి 960, మూడో దఫాకి 3,840 గడులవుతుంది. అప్పటికి అట్టపెట్టె పోయి నున్నటి రేకు మిగులుతుంది. దీన్నే సబ్‌డివిజన్ సర్ఫేస్ అంటారు. మనం ముట్టుకునేది ఆ అరవై గడుల ముగ్గునే. మిగతాదంతా దాన్నుంచి పుట్టేదే.

ఈ సగటు తీసే లెక్కని 1978లో ఎడ్విన్ క్యాట్‌మల్, జిమ్ క్లార్క్ ప్రచురించారు. ఇద్దరూ అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయంలో చదివినవాళ్లే. అదే చోట 1972లో ఐవాన్ సదర్లాండ్ విద్యార్థులు ఆయన భార్య కారు మీద, అదీ వోక్స్‌వాగన్ బీటిల్ మీద, గుర్తులు పెట్టి చేత్తో కొలతలు తీసి కంప్యూటర్‌లోకి ఎక్కించారు. కంప్యూటర్‌లో వంపుల బొమ్మల తొలి రోజుల్లోనే కారు అలా చేరింది. అందులో ఆశ్చర్యం లేదు. కారు ఒంటిని మించి కాంతిని కచ్చితంగా పట్టిచ్చే వస్తువు మన చుట్టూ ఇంకొకటి కనిపించదు.

మెత్తబడటం ఎంత బలమైనదో ఒక లెక్కతో తెలుస్తుంది. ఒక ఘనం తీసుకోండి. కేంద్రం నుంచి దాని మూల మూడు దిక్కుల్లోనూ 1 దూరంలో ఉందనుకుందాం. ఒకే ఒక్క దఫా మెత్తబరిస్తే ఆ మూల ఒక్కో దిక్కులో 5/9కి, అంటే దాదాపు 0.56కి లోపలికి వచ్చేస్తుంది. వదిలేస్తే ఘనం గుండ్రటి గులకరాయి అయిపోతుంది. ఫెండర్‌కి ఇంత మెత్తదనం మంచిదే. కానీ ఫెండర్ మీద హెడ్‌లైట్ దగ్గర మొదలై తలుపు వైపు సాగే బాడీ లైన్ ఉంటుంది కదా, ఇస్త్రీ చేసిన ప్యాంటు మడత లాంటి గీత, అది కూడా ఈ మెత్తదనంలో కరిగిపోతుంది. దాన్ని కాపాడటమే మొదటి పని.

నేను చేసిన ఫెండర్‌లో బాడీ లైన్‌కి పైన ఒక వరస చుక్కలు, కింద ఒక వరస, రెండూ లైన్ నుంచి 80 మిల్లీమీటర్ల దూరంలో ఉన్నాయి. పై రేకు, కింది రేకు కలిసే చోట లోపలి కోణం 150 డిగ్రీలు. ఏమీ చెప్పకుండా మెత్తబరిస్తే గుండ్రదనం లైన్‌కి ఇటు 80, అటు 80 మిల్లీమీటర్లు పరుచుకుంటుంది. అంటే అరచేయంత వెడల్పున్న మెత్తటి ఉబ్బు. పైగా లైన్ తన చోటు నుంచి దాదాపు 7 మిల్లీమీటర్లు లోపలికి జారుతుంది. దూరం నుంచి చూస్తే అక్కడ గీత ఉందని కూడా తెలీదు.

దీనికి మందు క్రీజ్. ఆ గీత మీద ఒక అంకె రాస్తాం. దాని అర్థం చాలా తేలిక: ఇన్ని దఫాల పాటు ఈ గీతను మెత్తబరచకు, ఆ తరవాత మామూలుగా మెత్తబరుచు. అంకె 1 అయితే మొదటి దఫా గీత అలాగే ఉంటుంది. ఈలోగా చుట్టూ గడులు సగమైపోతాయి, పక్క వరస 80 నుంచి 40 మిల్లీమీటర్లకు వస్తుంది. కాబట్టి తరవాత మొదలయ్యే గుండ్రదనం 40కే ఆగుతుంది. అంకె 2 అయితే 20, 3 అయితే 10. నేను 2 పెట్టాను. లైన్ లోపలికి జారడం కూడా 7 నుంచి రెండు మిల్లీమీటర్ల లోపుకి తగ్గింది. కత్తి అంచు కాకుండా, కరిగిపోకుండా, వేలితో తడిమితే తెలిసేంత మడత. నిజం కారు రేకుకి కత్తి అంచు ఉండదు. అచ్చులో నొక్కిన రేకుకి ఎప్పుడూ కొంత గుండ్రదనం ఉంటుంది, ఆ గుండ్రదనమే కాంతిని సన్నటి వెండి దారంలా పట్టుకుంటుంది. ఇలా సగం పదును ఉంచే పద్ధతిని పిక్సార్ వాళ్లు 1997 నాటి 'గెరీస్ గేమ్' అనే పొట్టి చిత్రం కోసం వాడి, 1998లో వివరంగా ప్రచురించారు. ఆ చిత్రంలో ఉన్నది ఒక ముసలాయన ముఖం, చేతులు, బట్టలు. అదే పద్ధతి ఇప్పుడు కారు మడతకీ పనికొస్తోంది.

కొత్తగా నేర్చుకునేవాళ్లు ఇక్కడ ఒక చోట తడబడతారు. నేనూ తడబడ్డాను. లైన్ పొడుగునా అంకె ఒకటే పెట్టాను, అయినా చారల పరీక్షలో హెడ్‌లైట్ దగ్గర మడత పదునుగా, తలుపు దగ్గర మొద్దుగా కనిపించింది. గంటసేపు అంకెనే అనుమానించాను. తప్పు అంకెలో లేదు. తలుపు దగ్గరికి వచ్చేసరికి పక్క వరస చుక్కలు 80 నుంచి 140 మిల్లీమీటర్ల దూరానికి జరిగిపోయాయి. అంకె 2 అంటే ఆ దూరంలో నాలుగో వంతు కదా. అక్కడ 20 వస్తే ఇక్కడ 35 వచ్చింది. మడత వెడల్పుని నిర్ణయించేది అంకె ఒక్కటే కాదు, పక్క వరస ఎంత దూరంలో ఉందన్నది కూడా. ఆ వరసని లైన్‌కి సమాంతరంగా, ఒకే దూరంలో నడిపించాక వెండి దారం మొదటి నుంచి చివరిదాకా ఒకే మందంలో నిలిచింది.

అంకె వద్దనుకునేవాళ్లు లైన్‌కి ఇటూ అటూ 20 మిల్లీమీటర్లలో అదనంగా చెరో వరస చుక్కలు పెడతారు. సపోర్ట్ లూప్ అంటారు. మడత ఇంచుమించు అంతే వెడల్పుతో వస్తుంది. ఒక లాభం కూడా ఉంది: ఫైలు వేరే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లినప్పుడు క్రీజ్ అంకె దారిలో రాలిపోయే ప్రమాదం ఉంది, చుక్కలు మాత్రం రాలవు. కానీ వరస అన్నది మొదలైన చోట ఆగదు. ఫెండర్ దాటి తలుపు మీదకి, అక్కడి నుంచి వెనక చక్రం దాకా, ముందు వైపు బంపర్ చుట్టూ తిరుగుతుంది. వెళ్లిన చోటల్లా మనం అడగని బిగువు తెస్తుంది. మెత్తగా ఉండాల్సిన బంపర్ మూల మీద చారలు ఒక్కసారిగా దగ్గరపడితే, ఎక్కడో మడత కోసం వేసిన వరస అక్కడి దాకా వచ్చిందని అర్థం. అందుకే పొడుగాటి బాడీ లైన్‌కి నేను అంకెనే వాడతాను. చక్రం కమాను అంచు లాంటి చిన్న చుట్టుకి, వరస చుట్టూ తిరిగి తనలోనే కలిసిపోయే చోట, సపోర్ట్ లూప్ వాడతాను.

లైన్ చివర ఏమవుతుందన్నది ఇంకో ప్రశ్న. చాలా కార్లలో బాడీ లైన్ తలుపు మధ్యలో మెల్లగా మాయమవుతుంది. అంకెను 2, 1, 0 అని తగ్గిస్తూ పోతే చాలని అనిపిస్తుంది. చాలదు. అంకె సున్నా అయినా 150 డిగ్రీల కోణం అక్కడే ఉంటే, మడత పోయి దాని చోట అరచేయంత ఉబ్బు మిగులుతుంది. గీత చావాలంటే కోణం చావాలి: 150, 160, 170 అంటూ రెండు రేకులూ ఒకే రేకులో కలిసిపోవాలి. దాని వెంటే అంకె తగ్గాలి. నేను ముందు చుక్కలను జరిపి కోణం తెరుస్తాను, అంకెను ఆఖరున సర్దుతాను.

ఇక రెండో తప్పు. ముగ్గులో మామూలుగా ఒక చుక్క దగ్గర నాలుగు గీతలు కలుస్తాయి. అలాంటి చోటల్లా లెక్క చాలా బాగా నడుస్తుంది, రేకు వంపు కూడా తెగకుండా సాగుతుంది. ఎక్కడైనా మూడు గీతలో అయిదు గీతలో కలిస్తే దాన్ని పోల్ అంటారు. పోల్ దగ్గర రేకు విరగదు, కొసలూ కలుస్తాయి. కానీ వంపు ఎంత అన్నది అక్కడ ఒక్కసారిగా మారిపోతుంది. చేత్తో తడిమితే తెలియని ఆ మార్పుని కాంతి పట్టేస్తుంది. చార ఆ చుక్క మీదుగా వెళ్తూ గిల్లినట్టు ముడుచుకుంటుంది.

అయితే పోల్స్ లేకుండానే చేస్తే పోదా? కుదరదు. ఇది నైపుణ్యానికి సంబంధించిన సంగతి కాదు, లెక్క. నాలుగు మూలల గడులతో మూసుకున్న ఏ బంతిలాంటి ఆకారాన్నైనా తీసుకోండి. మూడు గీతల చుక్కని కూడిక ఒకటిగా, అయిదు గీతల చుక్కని తీసివేత ఒకటిగా లెక్కపెట్టండి. మొత్తం ఎప్పుడూ 8 వస్తుంది. ఘనానికి ఉన్న ఎనిమిది మూలలూ మూడు గీతలవే కదా, అదే ఆ 8. కారు మూసుకున్న ఆకారమైతే ఆ ఎనిమిదీ ఎక్కడో ఒక చోట ఉండి తీరతాయి. అదనంగా ఒక అయిదు గీతల చుక్క పుట్టిందంటే, దానికి జతగా ఎక్కడో ఒక మూడు గీతలది పుట్టిందన్నమాట. పోల్‌ని తీసేయలేం, జరపగలం అంతే. కాబట్టి అడగాల్సింది పోల్స్ ఎన్ని అని కాదు, ఎక్కడ అని.

ఫెండర్ మీద అవి పుట్టేది చక్రం కమాను దగ్గర. నున్నటి ముగ్గులో నాలుగు గడుల వెడల్పు, రెండు గడుల ఎత్తు ముక్కని కింది అంచు నుంచి కత్తిరించండి. కత్తిరించిన అంచు మీద 9 చుక్కలు మిగులుతాయి. వాటిని అర్ధవృత్తం మీద 22.5 డిగ్రీలకు ఒకటి చొప్పున సర్దితే కమాను వచ్చేసింది. వీటిలో రెండు చుక్కలు, అంతకుముందు ఆ కంత పై మూలలుగా ఉన్నవి, ఇప్పుడు 45, 135 డిగ్రీల దగ్గర చేరాయి. వాటిలో ఒక్కోదానికి నాలుగు గీతలున్నాయి: కమాను అంచు వెంట రెండు, బయటి రేకు వైపు రెండు. ఇప్పుడు కమానుకి పెదవి కావాలి కాబట్టి లోపల ఇంకో చుట్టు వేస్తాం. ఆ రెండు చుక్కలకి లోపలి నుంచి అయిదో గీత వచ్చి చేరుతుంది. రెండు అయిదు గీతల పోల్స్ పుట్టాయి. ఎవరు చేసినా, ఏ సాఫ్ట్‌వేర్‌లో చేసినా, ఇలా మొదలుపెడితే ఆ రెండూ పుడతాయి.

నా మొదటి ఫెండర్‌లో అవి ఎక్కడ పుట్టాయో అక్కడే వదిలేశాను. అంటే కమాను పెదవికి ఒక్క చుట్టు దూరంలో. కమాను చుట్టూ రేకు బయటికి కొంచెం ఉబ్బి మళ్లీ లోపలికి తిరుగుతుంది. ఫెండర్ మొత్తంలో కాంతి ఎక్కువగా ఆడే చోటు అదే. పోల్‌ని సరిగ్గా అక్కడ పెడితే ఏమవుతుందో చారలు చెప్పాయి: ఉబ్బు మీద చక్కగా వంగుతూ వచ్చిన చార 45 డిగ్రీల దగ్గర ఆగి, చిటికెన వేలితో నొక్కినట్టు లోపలికి కుంగి, మళ్లీ సాగింది. చుక్కల్ని అటూ ఇటూ లాగి సరిచేయాలని ఒక పూట పోగొట్టుకున్నాను. లాగినకొద్దీ కుంగు పక్కకి జరిగిందే తప్ప పోలేదు.

సరైన దారి మొదలు నుంచి వేరు. కంతను కమాను కన్నా పెద్దదిగా కత్తిరించాలి. మధ్యలో మిగిలే జాగాని చుట్టు వెంట చుట్టుతో నింపాలి. కమాను అంచు చక్రం కేంద్రం నుంచి 330 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే, ఒక చుట్టు 350 దగ్గర, ఇంకోటి 380 దగ్గర, అన్నిటికన్నా బయటిది 430 దగ్గర వేశాను. ఉబ్బు మొత్తం ఈ చుట్ల లోపలే ఉంటుంది, అక్కడ ప్రతి చుక్కకీ నాలుగే గీతలు. పోల్స్ రెండూ బయటి చుట్టు మీదకి, అంటే అంచు నుంచి 100 మిల్లీమీటర్ల అవతలికి, రేకు దాదాపు చదునుగా ఉండే చోటికి వెళ్లిపోయాయి. చదును మీద వంపే తక్కువ, కాబట్టి వంపులో వచ్చే తేడా కూడా తక్కువే. ముందు వైపు పోల్‌ని ఇంకొంచెం జరిపి బంపర్, ఫెండర్ కలిసే సందు మీదకి తోశాను. అక్కడ ఎలాగూ రేకు తెగుతుంది, కాంతి గీత కూడా తెగుతుంది.

వెనక పోల్‌కి దాక్కునే చోటు లేదు. కమానుకీ తలుపుకీ మధ్య ఉన్న చదునులో, బాడీ లైన్‌కి బాగా కింద నిలబెట్టాను. దాన్ని మాత్రం ఒంటరిగా వదిలేయలేదు. దాని చుట్టూ ఉన్న అయిదు గీతల మధ్య కోణాలు ఇంచుమించు సమంగా, అంటే 72 డిగ్రీల చొప్పున ఉండేలా, గీతల పొడవులు మరీ తేడా లేకుండా సర్దాను. ఆ అయిదు పక్క చుక్కలూ రేకు అసలు వంపు మీద కూర్చున్నాయో లేదో పక్క నుంచి చూసి సరిచేశాను. ఒక్క చుక్క రెండు మిల్లీమీటర్లు బయటికి ఉన్నా చార దాన్ని పట్టుకుంటుంది. పోల్‌ని బాడీ లైన్ మీదో, దానికి ఆనుకున్న వరసలోనో పెట్టకూడదన్నది నా ఖాయమైన నియమం. మడత పక్కన గడులు ఇరుగ్గా ఉంటాయి, ఆ ఇరుకులో పోల్ పడితే గిల్లు కనబడక మానదు.

చుక్కలు ఎక్కువ ఉంటే పట్టు ఎక్కువ ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఈ పనిలో అది తలకిందులు. చదును మీద పదిహేను చుక్కలుంటే పదిహేనింటినీ కచ్చితంగా ఒకే వంపు మీద కూర్చోబెట్టాలి. చేయి ఎంత నిదానంగా ఉన్నా కొన్ని పక్కకి పోతాయి, రేకు నీటి అలలా ఊగుతుంది. నాలుగు చుక్కలుంటే ఊగడానికి ఏముంది? అందుకే నా ఫెండర్ అరవై గడుల దగ్గర ఆగింది.

ఈ పద్ధతికి హద్దు ఒకటుంది, అది దాచకూడదు. రేకు అచ్చుల కోసం కార్ల కంపెనీలు తయారుచేసే ఆఖరి బొమ్మలో వంపు తెగని కొనసాగింపు ఒంటి పొడుగునా కావాలి. ఆ పనిని ఎక్కువగా నర్బ్స్ అనే వేరే రకం తలాలతో, ప్రత్యేకంగా అదే పని చేసేవాళ్లు చేస్తారు. సబ్‌డివిజన్‌ని డిజైనర్లు తొలి ఆకారం వేగంగా వెతుక్కోవడానికి వాడతారు. తెర మీద కనిపించే కార్లకి మాత్రం ఇదే చాలు.

మీరు కారు మోడల్ చేస్తుంటే చారల అద్దకాన్ని ఆఖరి రోజు పరీక్షలా పెట్టుకోకండి. మొదటి అరవై గడులు వేస్తున్నప్పటి నుంచే అది తెర మీద ఉండనివ్వండి. కమాను కత్తిరించే ముందే ఆ రెండు పోల్స్ ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద గుర్తు పెట్టుకోండి. కమాను పూర్తయ్యాక వాటిని జరపాలంటే ఫెండర్ మొత్తం విప్పి మళ్లీ వేయాలి. నేను అలా మూడుసార్లు వేశాను.